ఎక్కడా స్పర్శరేఖ లేని అవిచ్ఛిన్న వక్రాన్ని కొసైన్లతో కట్టడం ఎలా?

అనంతపురంలో ఎం.ఎస్సీ. గణితం చదివే విద్యార్థులకు వాస్తవ విశ్లేషణ చెబుతున్నప్పుడు ప్రతి ఏడాదీ ఒక చోట తరగతి ఆగిపోతుంది. అవిచ్ఛిన్న ప్రమేయానికి అక్కడక్కడ మూలలు ఉండవచ్చునని, |x| కు సున్న దగ్గర అవకలజం లేదని అందరూ ఒప్పుకుంటారు. అయితే ప్రతి బిందువు దగ్గరా అవకలజం లేకుండా ఒక అవిచ్ఛిన్న ప్రమేయం ఉందంటే, దాన్ని ఎలా తయారు చేయాలో చూపించమంటారు. ఆ తయారీని కాగితం, కలంతో మొదలుపెట్టి చివరికి సంఖ్యలతో సరిచూసుకునే వరకు ఇక్కడ వివరిస్తున్నాను. మీకు కావలసిన ముందస్తు పరిజ్ఞానం గుణశ్రేఢి మొత్తం, మధ్యమమూల్య సిద్ధాంతం, ఏకరూప అభిసరణ మాత్రమే.

కార్ల్ వైయర్‌స్ట్రాస్ 1872 జూలై 18న బెర్లిన్ అకాడమీలో వినిపించిన నిర్మాణం ఇదే. 1875లో పాల్ డ్యు బ్వా-రేమాన్ దాన్ని అచ్చులో ప్రకటించారు. ప్రమేయం ఇలా ఉంటుంది:

```
W(x) = Σ aⁿ cos(bⁿ π x),   n = 0, 1, 2, ...
0 < a < 1,   b బేసి పూర్ణాంకం,   ab > 1 + 3π/2
```

a, b లను ఎంచుకోవడం

ఈ శ్రేణిలో మీ చేతిలో రెండే మీటలు ఉన్నాయి. a అనేది ఒక్కొక్క తరంగం ఎత్తును తగ్గిస్తుంది, b అనేది దాని పౌనఃపున్యాన్ని పెంచుతుంది. ఎత్తులు aⁿ చొప్పున తగ్గుతాయి కాబట్టి మొత్తం అదుపులో ఉంటుంది, కానీ ప్రతి తరంగపు గరిష్ఠ వాలు π(ab)ⁿ కాబట్టి, ab ఒకటి కంటే పెద్దదైతే, ఎత్తు తగ్గుతున్నా వాలు మాత్రం పెరుగుతూ పోతుంది. కట్టడం మొత్తం ఈ వైరుధ్యం మీదే నిలబడుతుంది.

నేను a = 1/2 తీసుకుంటాను, ఎందుకంటే మొత్తాలు నోటితోనే వేసుకోవచ్చు. 1 + 3π/2 విలువ దాదాపు 5.712 కాబట్టి b/2 దానిని మించాలి, అంటే b కనీసం 11.43 కావాలి. దానికి పైనున్న మొదటి బేసి సంఖ్య 13. కనుక a = 1/2, b = 13, ab = 6.5. ఇకపై ఈ సంఖ్యలతోనే నడుద్దాం. 5.712 అనే ఆ వింత హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో ముందుకు వెళ్లాక దానంతటదే బయటపడుతుంది, ఇప్పుడు కంఠస్థం చేయనవసరం లేదు.

ఇది కంటికి కట్టాలంటే x లో ఒక యూనిట్‌ను ఒక కిలోమీటరు అనుకోండి. మన ఊరి టవర్ క్లాక్ దగ్గర మొదలై ఒక కిలోమీటరు సాగే దారి మీద ఈ తరంగాలు నిలబడ్డాయనుకుందాం. n = 1 తరంగం మధ్యరేఖకు పైకీ కిందకీ 500 మీటర్లు ఊగుతుంది, దాని తరంగదైర్ఘ్యం సుమారు 154 మీటర్లు. n = 3 తరంగం 125 మీటర్లు ఊగుతుంది, కానీ ఒక ఊగుకు దానికి పట్టే దూరం మీటరు కంటే తక్కువ, సుమారు 91 సెంటీమీటర్లు. n = 6 దగ్గరికి వచ్చేసరికి పదిహేనున్నర మీటర్ల ఊగు అర మిల్లీమీటరు కూడా లేని దూరంలో పూర్తవుతుంది. అన్ని తరంగాలనూ కలిపినా దారి ఎక్కడా రెండు కిలోమీటర్ల ఎత్తును దాటదు, ఎక్కడా తెగదు.

తెగలేదని నిరూపించడం

ఈ పని చిన్నది. ప్రతి పదం పరమమూల్యం 1/2ⁿ ను మించదు, Σ 1/2ⁿ = 2 అభిసరిస్తుంది, కనుక వైయర్‌స్ట్రాస్ పేరుతోనే ఉన్న M-పరీక్ష ప్రకారం శ్రేణి వాస్తవరేఖ అంతటా ఏకరూపంగా అభిసరిస్తుంది. మొదటి N పదాల పాక్షిక మొత్తానికీ W(x) కూ మధ్య తేడా, x ఏదైనా సరే, 2^(1−N) లోపే ఉంటుంది. పాక్షిక మొత్తాలన్నీ అవిచ్ఛిన్నాలే కాబట్టి వాటి ఏకరూప అవధి W కూడా అవిచ్ఛిన్నమే. పది పదాలకు ఆ తేడా 0.002 లోపు ఉంటుందన్నది గుర్తుంచుకోండి, కంప్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు అవసరపడుతుంది.

ఇక్కడ చేయకూడని పని ఒకటి

జవాబు పత్రాలలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇది. పదాలను విడివిడిగా అవకలనం చేస్తే −π Σ 6.5ⁿ sin(13ⁿπx) వస్తుంది, అందులో గుణకాలు హద్దు లేకుండా పెరుగుతాయి, శ్రేణి అభిసరించదు, కాబట్టి W కు అవకలజం లేదు అని రాసి చుట్టూ గీత గీసేస్తారు. ఇది నిరూపణ కాదు. పదపదానికీ అవకలనం చేయగా వచ్చిన శ్రేణి ఏకరూపంగా అభిసరిస్తే మూల ప్రమేయానికి అవకలజం ఉంటుందని సిద్ధాంతం చెబుతుంది. అభిసరించకపోతే ఏమవుతుందన్న విషయంలో ఆ సిద్ధాంతం మౌనంగా ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే Σ sin(nx)/n తీసుకోండి. 0 కూ 2π కూ మధ్య దీని మొత్తం (π − x)/2, అంటే చక్కని సరళరేఖ, ప్రతి చోటా వాలు −1/2. కానీ పదపదానికీ అవకలనం చేస్తే Σ cos(nx) వస్తుంది. దాని పదాలు సున్నకు చేరవు కాబట్టి అది ఎక్కడా అభిసరించదు. విడివిడి వాలుల శ్రేణి చెడిపోయినా మొత్తం ప్రమేయం సరళరేఖగా ఉండగలదన్నమాట. అందుకే W విషయంలో అవకలజపు నిర్వచనానికే నేరుగా వెళ్లాలి. ఛేదనరేఖల వాలులను లెక్కవేసి, అవి ఒక అవధికి చేరవని చూపించాలి.

ప్రతి బిందువుకూ ఇద్దరు పొరుగువారిని ఎంచుకోవడం

నిర్మాణంలో అసలైన చాతుర్యం ఉన్నది ఇక్కడే కాబట్టి నిదానంగా వెళ్లండి. ఒక x ను స్థిరంగా పట్టుకోండి, అది కరణీయమైనా అకరణీయమైనా ఫరవాలేదు. ఒక ధన పూర్ణాంకం m తీసుకుని 13^m·x కు అతి దగ్గరి పూర్ణాంకాన్ని k అని, మిగిలినదాన్ని t అని పిలవండి:

```
13^m · x = k + t,    −1/2 < t ≤ 1/2
y = (k − 1)/13^m,    z = (k + 1)/13^m
```

y అనేది x కు ఎడమన, z కుడిన ఉంటాయి. దూరాలు x − y = (1 + t)/13^m, z − x = (1 − t)/13^m. t ఎంతైనా ఈ రెండు దూరాలూ 0.5/13^m కూ 1.5/13^m కూ మధ్యనే ఉంటాయి. m పెరిగేకొద్దీ రెండూ x వైపు చేరుకుంటాయి.

y, z లను ఇలాగే ఎందుకు ఎంచుకోవాలి? m వ తరంగానికి, దాని తర్వాతి తరంగాలన్నిటికీ y, z బిందువులు ఒకేసారి శిఖరాలో లోయలో అవుతాయి. 13^j బేసి సంఖ్య, దాన్ని పూర్ణాంకం (k − 1) తో గుణిస్తే సరి-బేసి గుణం మారదు. కనుక j ఏదైనా

```
cos(13^(m+j) π y) = cos(13^j π (k−1)) = −(−1)^k
cos(13^(m+j) π x) = cos(13^j π (k+t)) = (−1)^k cos(13^j π t)
```

z దగ్గర కూడా మొదటి పంక్తి విలువే వస్తుంది. k సరి సంఖ్య అయితే m నుంచి మొదలై అనంతం దాకా ఉన్న తరంగాలన్నీ y, z లలో తమ తమ కనిష్ఠ విలువ −1 వద్ద నిలిచి ఉంటాయి. k బేసి అయితే అన్నీ గరిష్ఠ విలువ 1 వద్ద ఉంటాయి. ఒక్క తరంగం కూడా ఎదురు తిరగదు. b బేసి కావాలన్న షరతు ఈ ఒక్క పంక్తి కోసమే వచ్చింది. b ను 14 చేసి చూడండి: j = 1 నుంచి 14^j సరి సంఖ్య కాబట్టి ఆ తరంగాలన్నీ k తో నిమిత్తం లేకుండా y, z లలో 1 దగ్గర కూర్చుంటాయి. k సరి అయినప్పుడు m వ తరంగం కిందకి, మిగిలినవి పైకి లాగుతాయి, ఒకదాన్నొకటి రద్దు చేసుకునే ప్రమాదం ఏర్పడుతుంది. అక్కడ చెడిపోయేది ఈ నిరూపణ మాత్రమేనని, అప్పుడు కూడా ఫలితం నిజమేనని గమనించండి.

తోకను కింది నుంచి, తలను పై నుంచి కొలవడం

శ్రేణిని m దగ్గర రెండుగా తెంచండి. n = 0 నుంచి m − 1 వరకు ఉన్న పదాలను తల అని, m నుంచి అనంతం వరకు ఉన్నవాటిని తోక అని పిలుద్దాం. x, y ల మధ్య ఛేదనరేఖ వాలు (W(y) − W(x))/(y − x) లో ఈ రెండు భాగాల వాటాలను వేర్వేరుగా చూడాలి.

ముందు తోక. పైన వచ్చిన రెండు పంక్తుల తేడా తీస్తే, W(y) − W(x) లో తోక వాటా

```
−(−1)^k Σ 2^−(m+j) (1 + cos(13^j π t)),   j = 0, 1, 2, ...
```

కుండలీకరణంలోని ప్రతి విలువా సున్న లేదా ధనం. అంటే ఏ పదమూ మరొక పదాన్ని తగ్గించలేదు కాబట్టి, మొదటి పదాన్ని ఒక్కదాన్నే ఉంచుకుని మిగిలిన అనంత పదాలను నిర్భయంగా వదిలేయవచ్చు. మొదటి పదంలో t అనేది −1/2, 1/2 ల మధ్య ఉంది కాబట్టి cos(πt) రుణం కాదు, పదం విలువ కనీసం 2^−m. దీన్ని గరిష్ఠ దూరం 1.5/13^m తో భాగిస్తే వాలులో తోక వాటా పరమమూల్యం కనీసం (2/3)·6.5^m. ఆ 2/3 ఎక్కడి నుంచి వచ్చిందో చూశారు: దగ్గరి పూర్ణాంకం నుంచి మనం అర యూనిట్ దూరం వరకు పక్కకు జరిగి ఉండవచ్చు, ఆపైన ఇంకొక యూనిట్ నడవాలి.

తర్వాత తల. ఇక్కడ గుర్తుల గురించి మనకు ఏమీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరం కూడా లేదు. మధ్యమమూల్య సిద్ధాంతం ప్రకారం |cos u − cos v| ≤ |u − v| కాబట్టి n వ పదం వాలుకు ఇచ్చే వాటా π·6.5ⁿ ను మించదు. గుణశ్రేఢిని కూడితే

```
π (1 + 6.5 + ... + 6.5^(m−1)) = π (6.5^m − 1)/5.5 < 0.5712 · 6.5^m
```

తోక కనీసం 0.6666·6.5^m, తల గరిష్ఠంగా 0.5712·6.5^m. తల ఎంత మొండిగా ఎదురు తిరిగినా తోకను ఓడించలేదు. మిగిలేది కనీసం 0.095·6.5^m, అది m తో పాటు హద్దు లేకుండా పెరుగుతుంది. కాబట్టి y ల వెంట x ను చేరుతున్నప్పుడు వాలు ఏ పరిమిత సంఖ్యకూ చేరదు, x వద్ద అవకలజం లేదు. x ఏదో ముందుగా చెప్పుకోలేదు కాబట్టి ఎక్కడా లేదు.

5.712 రహస్యం కూడా ఇక్కడే తేలిపోయింది. సాధారణ a, b లకు మనకు కావలసింది 2/3 > π/(ab − 1), అంటే ab > 1 + 3π/2. ఈ సంఖ్యకు ప్రకృతిలో ప్రత్యేకత ఏదీ లేదు, మనం తోకలో మొదటి పదం తప్ప మిగిలినదంతా వదిలేసి, తలలో ప్రతి పదాన్నీ శత్రువుగా లెక్కించినందుకు చెల్లించిన మూల్యం అది.

z వైపు చూస్తే ఇంకొక లాభం ఉంది. z దగ్గర W(z) − W(x) లో తోక వాటా గుర్తు y దగ్గరిదే, కానీ z − x ధనం, y − x రుణం. అందువల్ల ఎడమ వాలు, కుడి వాలు ఎప్పుడూ వ్యతిరేక గుర్తులతో ఉంటాయి, రెండూ పరమమూల్యంలో అనంతానికి పోతాయి. x వద్ద వాలు +∞ అని గాని −∞ అని గాని రాసి సర్దుకోవడానికి కూడా వీలు లేదు.

x = 1/2 వద్ద చేతితో సరిచూడటం

సున్న దగ్గర సరిచూడటం తేలిక, కానీ అక్కడ t = 0 కాబట్టి పరీక్ష మరీ సుఖంగా ఉంటుంది. 1/2 దగ్గర అయితే t = 1/2, అంటే ఎడమ పొరుగు ఎంత దూరంగా ఉండగలదో అంత దూరంగా ఉంటుంది, cos(πt) కూడా సున్న. నిరూపణలో మనం ఊహించుకున్న అధ్వాన్న పరిస్థితి ఇదే కాబట్టి ఇక్కడే కొలుద్దాం.

13ⁿ/2 ఎప్పుడూ పూర్ణాంకానికి అర కలిపిన సంఖ్య, కాబట్టి అన్ని కొసైన్లూ సున్న, W(1/2) = 0. m = 1 తీసుకుంటే 13/2 = 6 + 1/2, k = 6, y = 5/13, z = 7/13. y దగ్గర n = 0 పదం cos(5π/13) = 0.3546. n = 1 నుంచి అన్ని పదాలూ −1 దగ్గర ఉన్నాయి, వాటి మొత్తం −(1/2 + 1/4 + ...) = −1. కనుక W(5/13) = −0.6454. దీన్ని y − x = −1.5/13 తో భాగిస్తే ఎడమ వాలు 5.593.

ఈ 5.593 ను తల, తోకలుగా విడదీయండి. తోక వాటా 8.667, తల వాటా −3.073. తలకు మనం ఇచ్చిన హద్దు π(6.5 − 1)/5.5 = 3.1416. ఇక్కడ తల దాదాపు తన బలమంతా ఉపయోగించి ఎదురు తిరిగింది, అంటే మనం వేసుకున్న హద్దు అతిశయోక్తి కాదు. తోక మాత్రం హామీ ఇచ్చిన 4.333 కు సరిగ్గా రెట్టింపు ఇచ్చింది, ఎందుకంటే మనం వదిలేసిన పదాలు కూడా అదే వైపు లాగుతున్నాయి.

కుడి వైపు W(7/13) = −0.1205 − 1 = −1.1205, దూరం 0.5/13, వాలు −29.13. ఇదే లెక్కను m = 2 కు (k = 84), m = 3 కు (k = 1098) వేస్తే:

```
m     ఎడమ వాలు     కుడి వాలు
1        5.59        −29.13
2       33.22       −192.51
3      212.76      −1254.47
```

ఒక్కొక్క మెట్టుకు ఎడమ, కుడి వాలులు సుమారు ఆరు నుంచి ఆరున్నర రెట్లు పెరుగుతున్నాయి, గుర్తులు ఎదురెదురుగా ఉన్నాయి. మీ లెక్కలో ఈ రెండు లక్షణాలలో ఏదైనా కనబడకపోతే k ను తప్పుగా ఎంచుకున్నారనే అర్థం. సాధారణంగా జరిగే పొరపాటు దగ్గరి పూర్ణాంకానికి బదులు x కు ఏదో ఒక h కలిపి చూడటం. యాదృచ్ఛికంగా తీసుకున్న h కు తోక పదాల గుర్తులు కలగాపులగమవుతాయి, వాలులు పైకీ కిందకీ గెంతుతాయి తప్ప దేన్నీ రుజువు చేయవు.

కంప్యూటర్‌తో చేసేవారికి

గ్రాఫ్ గీసి చూడాలన్న కోరిక సహజం, కానీ అక్కడ మూడు గుంతలు ఉన్నాయి. మొదటిది తెర. 0 నుంచి 1 వరకు వెయ్యి చుక్కలతో గీస్తే n = 3 తరంగానికి ఒక ఊగుకు ఒక్క చుక్క కూడా దక్కదు. అంటే మీ తెర మీద నిజాయితీగా కనబడేది n = 2 వరకే. దాని పైన కనబడే గరుకుతనం చుక్కల ఎంపిక వల్ల వచ్చిన కల్పిత ఆకారం.

రెండోది కోణం. cos(13**n * pi * x) అని నేరుగా రాస్తే, కంప్యూటర్ సాధారణ దశాంశ సంఖ్యలో 15, 16 అంకెలే ఉంటాయి కాబట్టి n = 14 వచ్చేసరికి కోణంలో తప్పు రేడియన్‌లో పెద్ద భాగమంత అవుతుంది, ఆపైన కొసైను విలువకు అర్థమే ఉండదు. x ను p/q రూపంలో ఉంచి, 13ⁿ·p ని 2q తో భాగించిన శేషం మాత్రమే తీసుకుంటే ఈ బాధ తప్పుతుంది. పూర్ణాంకాలలో తప్పు రాదు, 2 పూర్ణాంకాలు జరిగితే కొసైను తిరిగి అదే విలువకు వస్తుంది.

```python
from math import cos, pi

def W(p, q, N=40):
    s = 0.0
    for n in range(N):
        r = (pow(13, n, 2*q) * p) % (2*q)
        s += 0.5**n * cos(pi * r / q)
    return s

for m in range(1, 7):
    h = 13**m
    k = (h - 1) // 2
    left = (W(k-1, h) - W(1, 2)) * h / -1.5
    right = (W(k+1, h) - W(1, 2)) * h / 0.5
    print(m, left, right)
```

మొదటి మూడు వరుసలు పై పట్టికతో సరిపోవాలి.

మూడోది N. పాక్షిక మొత్తం ఎన్ని పదాలదైనా అది ఎన్నిసార్లైనా అవకలనం చేయదగిన నున్నని ప్రమేయమే. పై ప్రోగ్రాములో N=40 కు బదులు N=3 పెట్టి m ను 4, 5, 6 దగ్గర చూడండి. తోక మొత్తం మాయమై, ఎడమ వాలు, కుడి వాలు రెండూ ఒకే సంఖ్య వైపు, −π(1 + 6.5 + 42.25), అంటే సుమారు −156.3 వైపు జారిపోతాయి. W కు 1/2 దగ్గర అవకలజం ఉందని కంప్యూటర్ సాక్ష్యం చెప్పినట్టే ఉంటుంది. ఒకసారి ఒక విద్యార్థి ఇదే ఫలితాన్ని తెచ్చి సిద్ధాంతం తప్పని గట్టిగా వాదించాడు, అతని లెక్కలో తప్పేమీ లేదు, అతను లెక్కించింది W ను కాదు, అంతే. రెండు వాలులు ఒకే గుర్తుకు మారి ఒక చోట స్థిరపడితే N సరిపోలేదని గుర్తించండి. m కంటే N కనీసం ఇరవై ముప్పై ఎక్కువగా ఉంచుకోవడం మేలు, ఎందుకంటే విడిచిపెట్టిన తోక 2^(1−N) ను 13^m తో గుణించినా చిన్నదిగానే ఉండాలి.

హద్దుల గురించి

ab ఒకటి కంటే తక్కువైతే కథ పూర్తిగా తిరగబడుతుంది. అప్పుడు అవకలజాల శ్రేణి కూడా ఏకరూపంగా అభిసరిస్తుంది, W కు ప్రతి చోటా అవకలజం ఉంటుంది. ab ఒకటికీ 5.712 కూ మధ్య ఉంటే, ఉదాహరణకు a = 1/2, b = 3 అయితే, తల హద్దు π/0.5, అంటే ఆరు దాటుతుంది, తోక హామీ 2/3 దగ్గరే ఉంటుంది, కాబట్టి పై పోలికతో ఏమీ చెప్పలేం. ab ≥ 1 అయితే చాలునని, b బేసి కానవసరం లేదని, పూర్ణాంకం కూడా కానవసరం లేదని 1916లో జి. హెచ్. హార్డీ నిరూపించారు, కానీ ఆ నిరూపణకు వేరే పనిముట్లు కావాలి.

తరగతిలో మొదటిసారి బోర్డు మీద చెప్పేవారు 13 ను పట్టుకుని కష్టపడవద్దు. b = 101 తీసుకుంటే ab = 50.5, తల హద్దు 0.064·50.5^m లోపే ఉంటుంది, తోక 0.666 దగ్గర ఉంటుంది. అక్కడ తేడా బోర్డు చివరి బెంచీకి కూడా కనబడుతుంది. 13 కు తరవాత రావచ్చు.